మెయిల్లో రెండో వాక్యం

వీరవేణికి ఒక అలవాటుంది. ఎవరైనా ఏదైనా మాటిస్తే, "అదే మాట రాసివ్వండి" అనేది. ఐసు ఫ్యాక్టరీ వాడినీ, డీజిల్ బంకు వాడినీ, ఆఖరికి వలలు అల్లే ముసలాయన్ని కూడా అలాగే అడిగేది. పేటలో ఆడవాళ్లు నవ్వేవారు. "నీ మొగుడు పెళ్లికి ముందు నిన్ను ఏలుకుంటానని రాసిచ్చాడా ఏంటే?" అని హాస్యాలాడేవారు. "ఇచ్చాడుగా, రిజిస్ట్రారాఫీసులో" అని ఆమె కూడా నవ్వేసేది.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగి పాయ వెంబడి వెళ్తే వచ్చే మత్స్యకారుల పేటలో వాళ్ల ఇల్లు. భర్త త్రిమూర్తులు సొంత పడవకి సొంత సరంగు. సముద్రం మీద పడవ నడపడం అతని వంతు, ఒడ్డు మీద పడవకి సంబంధించిన ప్రతి కాగితం ఆమె వంతు. పెళ్లినాటికి ఇంటర్ పాసైంది. ఫోన్లో ఇంగ్లీషులో మెయిల్ రాయడం తనంతట తనే నేర్చుకుంది. కూతురు రమ్యశ్రీ రాజమండ్రిలో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉండేది. ఇంట్లో మిగిలిన మూడో మనిషి అత్తగారు పెద్దింట్లమ్మ. భర్తనీ, పెద్దకొడుకునీ సముద్రానికిచ్చి త్రిమూర్తుల్నొక్కణ్ణీ మిగుల్చుకున్న మనిషి. ఆ పేటలో ఒడ్డుకు చేరని మనిషిని "పోయాడు" అనరు. "రాలేదు" అంటారు. పెద్దింట్లమ్మ భర్త ఇరవై రెండేళ్లుగా రాలేదు.

ఆ ఏడు వేసవిలో, సముద్రంలో చేపల వేటకి ప్రభుత్వం పెట్టే రెండు నెలల నిషేధం వచ్చే ముందు పడవ అడుగు చెక్కలు మార్చాలన్నారు. హార్బర్లో అన్ని పడవలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి, మరమ్మతుకి చోటుండదు. కోరంగి వైపు మడచెట్ల మధ్య ఒక ఉప్పుటేరు ఉంది. దాని ఒడ్డున సామ్యేలు మేస్త్రికి చిన్న పడవల యార్డు ఉంది. నిషేధం రెండు నెలలూ పడవని అక్కడ లంగరేసి పని చేయించడం మామూలే. కానీ పడవకి కట్టిన ఇన్సూరెన్సు కాగితంలో హార్బర్ పేరే ఉంది.

"ఉప్పుటేరులో ఉన్నప్పుడు ఏదైనా జరిగితే కంపెనీ ఇస్తుందాండీ?" అని ఏజెంటు పల్లంరాజుని అడిగింది వీరవేణి.

"ఎందుకివ్వదమ్మా? నేనున్నానుగా" అన్నాడు పల్లంరాజు, తన గుండె మీద తనే తట్టుకుంటూ.

"మీరున్నారండీ, కంపెనీ కూడా ఉండాలిగా. రాసిమ్మనండి."

త్రిమూర్తులు పక్కనే బీడీ కాలుస్తూ నవ్వాడు. "దీనికి దేవుడొచ్చి వరమిచ్చినా రసీదు కావాలండి రాజుగారూ."

ఆ రాత్రే ఆమె కంపెనీ బ్రాంచికి మెయిల్ పెట్టింది. పాలసీ నంబరు రాసి, పడవ పేరు రాసి, నిషేధ కాలంలో మరమ్మతు కోసం ఫలానా ఉప్పుటేరులో ఉంచుతున్నాం, అక్కడ నష్టం జరిగితే పాలసీ వర్తిస్తుందా అని అడిగింది. వారం తిరక్కుండా జవాబొచ్చింది. రెండే వాక్యాలు. నిషేధ కాలంలో మరమ్మతు కోసం ఆ ఉప్పుటేరు యార్డులో లంగరు వేసి ఉన్నా పాలసీ వర్తిస్తుందని ధ్రువీకరిస్తున్నాం అన్నది మొదటి వాక్యం. రాత్రిపూట పడవ మీద కాపలాకి ఒక మనిషి తప్పక ఉండాలి అన్నది రెండోది.

వీరవేణి ఆ రెండూ తెలుగులో చదివి వినిపించింది. త్రిమూర్తులు తలూపాడు. "ఇంకొకణ్ణి కాపలా ఎందుకు, నేనే పడుకుంటా. ఉప్పుటేరు మీద గాలి బాగుంటుంది. ఇంట్లో మా అమ్మ గురక కంటే నయం."

"నా గురకే! నీ గురకకి పిట్టలెగిరిపోతాయిరా" అంది పెద్దింట్లమ్మ లోపల్నుంచి.

అలా ఆ మనిషి రోజూ చీకటి పడే వేళకి అన్నం గిన్నె పట్టుకుని బండి మీద వెళ్లి పడవ మీద పడుకోవడం మొదలుపెట్టాడు.

మే నెల చివర్లో ఒకరోజు సాయంత్రం నుంచీ ఆకాశం రాగిరంగుకి తిరిగింది. మడచెట్ల మీద కొంగలు కూర్చోలేదు. సామ్యేలు మేస్త్రి పనివాళ్లని పెందరాళే పంపేసి, వెళ్లబోతూ పడవ వైపు కేకేశాడు. "ఏవండోయ్ సరంగుగారూ, ఈ రాత్రికి ఇంటికెళ్లిపోండి. గాలి వరస బాలేదు."

"ఎళ్తే పడవెవరు చూత్తారండీ? కంపెనీ వోళ్లు రాసి మరీ పంపారు, మనిషుండాలని" అన్నాడు త్రిమూర్తులు. అతను ఇంకో మోకు తీసి పడవ ముక్కుకి కట్టడం చూసుకుంటూనే సామ్యేలు వెళ్లిపోయాడు.

రాత్రి భోజనాలప్పుడు వీరవేణికి ఫోనొచ్చింది. అవతల గాలి రొద. "తాళ్లు బిగిస్తున్నా. రేపు చేపల పులుసు వొండు" అన్నాడు. ఇంకేదో అన్నాడు కానీ గాలి మింగేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను మోగలేదు.

తెల్లారేసరికి గాలి తగ్గింది. పడవ ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో, రాతికట్టకి కొట్టుకుని నడుం విరిగి బోర్లా పడి ఉంది. తెగిన మోకులు నీటి మీద తేలుతున్నాయి. త్రిమూర్తులు లేడు. పేట మగాళ్లంతా నాటు పడవలేసుకుని మడ వేళ్ల మధ్యా, మొగలోనూ, ఆ పైన సముద్రం అంచులోనూ వెతికారు. అలా వారాలు వెతికారు. ఏమీ దొరకలేదు.

ఆ మొదటి రోజుల్లోనే పడవ నష్టం చూడటానికి కంపెనీ పంపిన సర్వేయరు వచ్చాడు. పేరు జానకిరామ్. మాటా నడకా నెమ్మదైన మనిషి. పడవ ఫొటోలు తీసుకుని, ఇంటికొచ్చి వరండాలో కూర్చుని, ప్రమాదం జరిగిన రాత్రి పడవ మీద ఎవరున్నారని అడిగాడు.

వీరవేణి నోరు తెరిచేలోపు పెద్దింట్లమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవురూ లేరు బాబూ. నా కొడుకు సాయంత్రమే యానాం ఎల్లాడు. ఆళ్ల సిన్నాన్న ఇంటికి. ఒచ్చేత్తాడు."

జానకిరామ్ కోడలి వైపు చూశాడు. వీరవేణి అత్తగారి మొహం వైపు చూసింది. ఆ మొహంలో అబద్ధం లేదు. బతిమాలుడు ఉంది. పడవ మీద ఉన్నాడని చెప్తే ఆ రాత్రి కొడుకు ఏమైపోయినట్టు? వీరవేణి తలొంచుకుంది. జానకిరామ్ రాసుకున్నాడు. పెద్దింట్లమ్మ వేలిముద్ర వేసింది. పోలీసు స్టేషన్లో కూడా పెద్దింట్లమ్మ పట్టు మీదే పడవ మునిగిందని మాత్రం రాయించారు. మనిషి ఊసు ఎక్కలేదు. ఎక్కితే పోయినట్టేనని ఆమె భయం.

'పోయాడు' అన్న మాట తనకి కూడా అక్కర్లేదని వీరవేణికి తెలుసు. యానాం వెళ్లాడు అన్న మాట పట్టుకుని ఆమె కూడా కొన్నాళ్లు బతికింది. యానాం బస్సు పేట మలుపులో ఆగినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్లేది.

నిషేధం ముగిసింది. పేటలో పడవలన్నీ పసుపూ కుంకుమా పూయించుకుని సముద్రం మీదకి పోయాయి. వాళ్ల పడవ కలాసీలు ఒక్కొక్కరే వచ్చి, "వొదినా, ఎన్నాళ్లని కూచుంటాం" అని తల గోక్కుని వేరే పడవలెక్కారు. ఇంట్లో ఇద్దరాడవాళ్లు మిగిలారు. కంపెనీ ఇస్తే మళ్లీ పడవ వస్తుంది, ఇవ్వకపోతే బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకరి చేపలు ఇంకొకరికి అమ్ముకోవాలి. రమ్యశ్రీ చదువు మధ్యలో ఆగిపోతుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. పేటలో అందరికీ తెలుసు.

పడవకి పెట్టుకున్న క్లెయిముకి శ్రావణంలో కంపెనీ నుంచి జవాబొచ్చింది. హార్బర్లో కాక ఉప్పుటేరులో లంగరు వేసి ఉన్నప్పుడు జరిగిన నష్టానికి పాలసీ వర్తించదు, కనుక క్లెయిమును తిరస్కరిస్తున్నాం అని.

వీరవేణి దాన్ని నిలబడే చదివింది. కూర్చుని మళ్లీ చదివింది. పల్లంరాజుకి ఫోన్ చేసింది. ఆయన ఆ సాయంత్రమే వచ్చాడు. ఈసారి గుండె మీద తట్టుకోలేదు.

"కంపెనీ నిర్ణయం అయిపోయాక మనమేం చేస్తామమ్మా. రూలు రూలే."

"వర్తిస్తుందని ముందు వాళ్లే కదండీ రాశారు."

"ఆ మెయిలా? అది ఎవరో క్లర్కు కుర్రాడు పంపుంటాడమ్మా. అలాంటివి చెల్లవు."

"క్లర్కు పంపితే క్లర్కు జేబులోంచి వచ్చిందా? కంపెనీ అడ్రసు నుంచి వచ్చిందండీ. కింద బ్రాంచి పేరుంది, పైన పాలసీ నంబరుంది."

పల్లంరాజు గొంతు తగ్గించాడు. "అది కాదమ్మా. ఆ మెయిల్ బయటికి తీస్తే మొత్తం తియ్యాలి. సగం చూపించడం కుదరదు. నేను చెప్పేది అర్థమవుతోందా?"

ఆమెకి అర్థమైంది. ఆ ఒక్కమాటకి ఇల్లంతా చల్లబడినట్టయింది. మొదటి వాక్యం గుర్తు చేస్తే రెండోది దాని వెనకే లేచి వస్తుంది. రాత్రిపూట మనిషి ఉండాలి. ఉన్నాడా? ఉన్నాడంటే ఆ మనిషి ఏడి?

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. దాన్ని ఆమె ఎవరితోనూ అనలేదు. తను మెయిల్ పెట్టకపోతే ఆ రెండో వాక్యమే పుట్టేది కాదు. త్రిమూర్తులు ఆ రాత్రి ఇంట్లో పడుకునేవాడు.

రెండ్రోజులు ఆమె ఫోన్ ముట్టుకోలేదు. మూడోనాడు చేపల రేవులో ఎవరి బుట్టో మోస్తూ పెద్దింట్లమ్మ జారి పడిందని కబురొచ్చింది. కాలికి కట్టు కట్టించి ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాక, వీరవేణి ఫోన్ తీసుకుని గుమ్మం మీద కూర్చుంది.

ఆమె కొత్త మెయిల్ మొదలుపెట్టలేదు. వేసవిలో కంపెనీ పంపిన ఆ పాత మెయిలుకే జవాబుగా రాసింది, అది కింద అలాగే కనపడేట్టు. బ్రాంచితో పాటు కంపెనీ ఫిర్యాదుల అధికారికి కూడా పెట్టింది. తిరస్కరణ ఉత్తరాన్ని జత చేసింది. రాసింది తక్కువే. "మీరు ఫలానా తేదీన పంపిన మెయిల్లో ఉప్పుటేరులో ఉన్నా పాలసీ వర్తిస్తుందని ధ్రువీకరించారు. ఆ మాట నమ్మే పడవని అక్కడ ఉంచాం. ఇప్పుడు అదే కారణం చెప్పి తిరస్కరించారు. మీ మెయిల్ కింద ఉంది. దాన్ని కాదనే షరతు పాలసీలో ఏదైనా ఉంటే నంబరుతో సహా చూపించండి. లేకపోతే తిరస్కరణ వెనక్కి తీసుకోండి. జవాబు రాతలో ఇవ్వండి. అందకపోతే ఇన్సూరెన్సు ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్తాం."

పంపే ముందు ఆగింది. రెండో వాక్యాన్ని కోసేసి పంపొచ్చు. వాళ్ల దగ్గర అసలు మెయిల్ ఉండనే ఉంటుంది కానీ, తన చేతులతో గుర్తు చెయ్యక్కర్లేదు. వేలు కాసేపు దాని మీదే ఉంచింది. తర్వాత అలాగే పంపేసింది.

కంపెనీ వాళ్లు ఆ నెలలోనే జవాబిచ్చారు. అది ఆమె ఊహించిన దానికంటే మర్యాదగా ఉంది. అందుకే భయం వేసింది. మీరు గుర్తు చేసిన మెయిల్ మా బ్రాంచి నుంచి వెళ్లిందేనని సరిచూసుకున్నాం, ఉప్పుటేరులో ఉందన్న కారణంతో తిరస్కరించడం పొరపాటు, ఆ కారణాన్ని ఉపసంహరించుకుంటున్నాం. అయితే అదే మెయిల్ ప్రకారం రాత్రి కాపలా మనిషి ఉండాలి. సర్వేయరు నివేదికలో ఆ రాత్రి ఎవరూ లేరని మీ కుటుంబ సభ్యురాలి వాంగ్మూలం ఉంది. దీనిపై మీ వివరణ, ఆధారాలు పంపండి. సర్వేయరు మళ్లీ వచ్చి విచారిస్తారు అని రాశారు.

వీరవేణి ఉప్పుటేరుకి వెళ్లింది. సామ్యేలు మేస్త్రి కొత్త పడవకి తారు పూస్తున్నాడు. విషయం చెప్పగానే చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నేను రాసిస్తానమ్మా. నా కళ్లతో చూశాను. రాత్రికి పోవయ్యా అంటే పోలేదు, మోకు కడుతున్నాడు. ఏసుప్రభువు సాక్షిగా చెప్తాను, ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను." ఆగి అడిగాడు, "మరి అమ్మగారో?"

"అమ్మగారికి నేను చెప్తానండి."

చెప్పడం మాత్రం రెండు పూటలు వాయిదా పడింది. చివరికి అన్నం పెడుతూ చెప్పింది. పెద్దింట్లమ్మ కంచం వైపే చూస్తూ విన్నది.

"నువ్వడక్కపోతే ఆళ్లు ఆ మాట రాసేవోళ్లు కాదు. రాయకపోతే ఆడు అక్కడ పడుకునేవోడు కాదు."

"తెలుసత్తా."

"తెలిసే అడిగావేంటే?"

"అడిగినప్పుడు తెలీదు. ఇప్పుడు తెలుసు."

పెద్దింట్లమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగలేక కంచంలోకి వంగింది. వీరవేణి నీళ్లందించింది. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ముసలావిడ కుంటుకుంటూ వరండాలో అటూ ఇటూ తిరిగేది. పాయలో పోటెక్కే వేళకి నిలబడి నీటిని చూసేది. గొణిగేది.

జానకిరామ్ రెండోసారి వచ్చినరోజు ఆకాశం మబ్బేసి ఉంది. సామ్యేలు రాసిచ్చిన కాగితం చూశాడు. వీరవేణి ఫోన్లో ఆ రాత్రి వచ్చిన ఆఖరి కాల్ చూశాడు. ఫొటో తీసుకున్నాడు. తర్వాత ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు.

"పెద్దామె చెప్పిన మాటొక్కటే అడ్డుందండి. ఆవిడ మళ్లీ చెప్తే తప్ప నేను రాయలేను."

పెద్దింట్లమ్మని ఎవరూ పిలవలేదు. తనే గోడ పట్టుకుని వచ్చింది.

"ఉన్నాడు" అంది.

"ఎవరండీ?"

"నా కొడుకు. ఆ రేత్రి పడవ మీద ఉన్నాడు. యానాం ఎల్లలేదు."

"మరి ముందు లేడన్నారు కదమ్మా?"

ముసలావిడ ఆయన్ని తేరిపారి చూసింది. "నువ్వడిగింది పడవ గురించని నాకేం తెలుసు నాయనా? నా కొడుకు సచ్చిపోయాడా అని అడుగుతున్నావనుకున్నాను."

జానకిరామ్ మెల్లగా, ఆమె అన్నది అన్నట్టే, ముందు ఎందుకు అలా చెప్పిందో కూడా రాసుకున్నాడు. పెద్దింట్లమ్మ వేలిముద్రకి చెయ్యి చాపింది. వీరవేణి ఆ వేలికంటిన సిరా కొంగుతో తుడిచింది.

వరండా గోడకి అవతల పొరుగింటి పాపాయమ్మ చేపలు ఆరబెడుతోంది. ఆ చేతులు ఆగిపోవడం వీరవేణి చూసింది. అప్పుడు దాని అర్థం తట్టలేదు.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం వీరవేణి దీపం పెడుతుంటే ఫోన్ మోగింది. కంపెనీ మెయిల్. కాపలా షరతు నెరవేరినట్టు సర్వేయరు నివేదిక ఇచ్చారు, తిరస్కరణ రద్దు చేసి క్లెయిమును ఆమోదిస్తున్నాం, సెటిల్మెంటు పత్రం విడిగా పంపుతున్నాం అని. ఆమె పైనుంచి కింది దాకా చదివింది. సంతోషం ఎక్కడినుంచైనా వస్తుందేమోనని చూసింది. పడవ వస్తుంది. రమ్యశ్రీ చదువుకుంటుంది. ఫోన్ పక్కన పెట్టి దీపం వత్తి ఎగదోసింది.

అప్పుడే వీధిలో అడుగుల చప్పుడైంది. పాపాయమ్మ ముందు నడుస్తోంది. వెనక పేట ఆడవాళ్లు. అందరూ ముసలివాళ్లు, భర్తలు లేనివాళ్లు. పాపాయమ్మ చేతిలో పళ్లెం ఉంది, దాని మీద తెల్లగుడ్డ కప్పి ఉంది.

రెండు వారాలుగా పేట నోళ్లలో ఆ మాటే నానిందని వీరవేణికి అప్పుడు అర్థమైంది. తల్లి తన నోటితో, సాక్షుల ముందు, ఆ రాత్రి పడవ మీద ఉన్నాడంది. ఉన్నవాడు తిరిగి రాకపోతే ఇంక 'రాలేదు' అనడానికి లేదు. చెయ్యాల్సినవి చెయ్యాలి. వాళ్లు ఆమె కోసమే వస్తున్నారు. ఆమె నుదుటి మీది బొట్టు కోసం, చేతి గాజుల కోసం, కాలి మట్టెల కోసం. తెలియకుండానే రెండు చేతులూ పైటలోకి లాక్కుంది.

పెద్దింట్లమ్మ మంచం దిగింది. కుంటుకుంటూ గుమ్మం దాకా వచ్చి, గడప మీద అడ్డంగా కూలబడింది.

"ఎందుకొచ్చారే?" అంది.

"తెలిసే అడుగుతావేంటి వొదినా" అంది పాపాయమ్మ మెత్తగా. "నువ్వే చెప్పావుగా. ఎన్నాళ్లని దాన్నలా వొదిలేత్తాం? మంచిది కాదు."

"కంపెనీకి చెప్పింది కంపెనీకి. ఈ గడప దగ్గర నా కొడుకు రాలేదు. అంతే."

"అట్లా కుదరదు వొదినా."

"నా ఇల్లు. నేను కుదురుత్తాను."

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక్కి వెళ్లలేదు. పాపాయమ్మ పళ్లేన్ని జాగ్రత్తగా వరండా అంచున పెట్టి, దాని పక్కనే కూర్చుంది. ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు. ఎవరూ ఏడవలేదు, తిట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ ఇంటి లోపలికి చూస్తూ, కాలం తమదేనన్నట్టు కూర్చున్నారు.

గడప మీద ముసలావిడ వీపు నిటారుగా ఉంది. వీరవేణి ఆ వీపు వెనక, గోడకి ఆనుకుని నిలబడింది.